సిలికాన్ కార్బైడ్ డ్రైవు పెట్టాక మోటారు కాలిపోయింది: తప్పు ఎవరిది?

హార్బర్_ఐసు
విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకు చిన్న ఐసు ఫ్యాక్టరీ ఉంది. కంప్రెసరు మోటారు 7.5 కిలోవాట్లు, 415 వోల్టులు, పదకొండేళ్ల నాటిది. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవు మొదట పాత రకం సిలికాన్ స్విచ్చులది, అంటే ఐజీబీటీది, దాని మీద ఆరేళ్లు నడిచింది. అది పాడైతే ఇంకా వేగంగా స్విచ్చయ్యే సిలికాన్ కార్బైడ్ డ్రైవు పెట్టించాం. నాలుగు నెలలకే మోటారు కాలిపోయింది. డ్రైవు నుంచి మోటారుకు 30 మీటర్ల కేబులు. అమ్మినవారు మోటారు పాతదంటున్నారు, వైండింగు కట్టినవారు డ్రైవే చంపిందంటున్నారు. మళ్లీ పాత రకం డ్రైవుకు వెళ్లాలా?

గాజువాక_వైండింగు
ఇరవై ఆరేళ్లుగా మోటార్లు కడుతున్నాను. ఈ ఏడాదిలో ఇలాంటివే మూడు వచ్చాయి. కవరు విప్పగానే తెలిసిపోతుంది. వైండింగంతా ఎనామిలు కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది, టెర్మినలు వైపు మొదటి కాయిలులో మాత్రం నాలుగైదు చుట్లు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఓవర్‌లోడుతో కాలిన మోటారు అలా ఉండదు, మూడు ఫేజులూ ఒకేలా మాడిపోతాయి. కాలడానికి ముందు రోజు ఇన్సులేషను కొలిచే మెగ్గరు పెట్టినా బాగానే చూపిస్తుంది, ఎందుకంటే అది తీగకూ బాడీకీ మధ్య చూస్తుంది, చుట్టుకూ చుట్టుకూ మధ్య కాదు. ఈ కొత్త డ్రైవులు వోల్టేజీని రెట్టింపు చేసి మోటారు మీదికి పంపుతున్నాయి. ఐజీబీటీ ఆ పని చేయదు. నా మాట వింటే పాతదే పెట్టుకోండి.

సింహగిరి
అనకాపల్లి వైపు వాహనాల ఛార్జర్లు తయారుచేసే చోట పనిచేస్తాను. ఐజీబీటీ నుంచి సిలికాన్ కార్బైడ్‌కు మారాక మా హీట్‌సింకు సగానికి తగ్గింది, ట్రాన్స్‌ఫార్మరు అరచేతిలో ఇమిడే సైజుకు వచ్చింది. ఐజీబీటీని ఆపినా లోపల మిగిలిన ఛార్జీ ఖాళీ అయ్యేదాకా కరెంటు తోకలా సాగుతూనే ఉంటుంది, ఆ కాసేపు వోల్టేజీ, కరెంటు రెండూ ఉండి వేడి పుడుతుంది. కార్బైడ్ స్విచ్చయిన మాస్‌ఫెట్‌లో ఆ తోకే లేదు. పదకొండేళ్ల మోటారు కాలిపోతే స్విచ్చును తిట్టడం న్యాయం కాదు.

భీమిలి_రోడ్డు
నా ఫోను ఛార్జరు గాలియం నైట్రైడ్‌ది, చిన్నగా ఉంటుంది, వేడెక్కదు. డ్రైవులో కూడా అదే పెడితే గొడవ వదిలిపోతుంది కదా?

మధురవాడ_బెంచి
భీమిలి గారూ, 415 వోల్టుల మూడు ఫేజులను డీసీ చేస్తే దాదాపు 587 వోల్టులు వస్తుంది. మార్కెట్లో సులువుగా దొరికే గాలియం నైట్రైడ్ స్విచ్చులు 650 వోల్టులవి. స్విచ్చు పడ్డప్పుడల్లా వచ్చే ఎగుడుదిగుళ్లకు ఆ మిగులు చాలదు. పైగా పరిమితి దాటితే సిలికాన్ మాస్‌ఫెట్‌లా అవలాంచి అయి, అంటే కాసేపు కరెంటును తనలోంచి పోనిచ్చి, తట్టుకునే గుణం దానికి లేదు. ఇంట్లో సింగిల్ ఫేజు మీద నడిచే 400 వోల్టుల డీసీ లైనుకైతే అది చక్కగా సరిపోతుంది. ఇక్కడ 1200 వోల్టుల కార్బైడే సరైనది.

వైండింగు గారూ, కాలిన కాయిలు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. రెట్టింపు సంగతి మాత్రం అలా కాదు. కేబులులో వోల్టేజీ అల మైక్రోసెకనుకు దాదాపు 150 మీటర్లు వెళ్తుంది, మోటారు దగ్గర తిరిగి తన్నుకుని వస్తుంది. అల ఎక్కడానికి పట్టే సమయం కన్నా పోయి వచ్చే సమయం ఎక్కువైతే మోటారు దగ్గర వోల్టేజీ రెట్టింపుకు చేరుతుంది. ఐజీబీటీ 150 నానోసెకన్లలో ఎక్కితే 11 మీటర్ల కేబులు చాలు. కార్బైడు 25 నానోసెకన్లలో ఎక్కితే రెండు మీటర్లు చాలు. వీరి కేబులు 30 మీటర్లు. అంటే ఆ ఆరేళ్లూ ఐజీబీటీ కూడా ఈ మోటారు మీద 1100 వోల్టుల పైనే కొడుతూ వచ్చింది. మారింది ఎత్తు కాదు, నిటారుతనం. అంత నిటారుగా వచ్చే అల వైండింగంతటా పరుచుకోవడానికి సమయం చాలదు, ఎక్కువ భాగం మొదటి కాయిలు మీదే పడుతుంది. మీరు చూసిన ఆ నాలుగైదు చుట్లు అందుకే మాడాయి.

గాజువాక_వైండింగు
ఎత్తు మారలేదని మీరెలా అంటారు? మా అబ్బాయి స్కోపు తెచ్చి టెర్మినలు పెట్టె దగ్గర చూశాడు, 1500 వోల్టులు కనిపించింది.

సింహగిరి
ఏ ప్రోబుతో చూశారు? క్లిప్పు ఉన్న మామూలు ప్రోబు అయితే ఆ క్లిప్పు తీగే చుట్టలా పనిచేసి, లేని వోల్టేజీని చూపిస్తుంది. ఆ 1500ని నేను నమ్మను.

గాజువాక_వైండింగు
మీరు నమ్మకపోతే మోటారు కాలకుండా పోతుందా?

మధురవాడ_బెంచి
ప్రోబు మాట నిజమే, కానీ దాని మీద ఇద్దరూ పట్టుపట్టకండి. అబ్బాయికి ముందు ఒక మాట చెప్పండి, క్లిప్పును మోటారు టెర్మినలుకు తగిలించకూడదు, అది స్కోపు ఎర్తు గుండా నేరుగా షార్టు. అధిక వోల్టేజీ డిఫరెన్షియల్ ప్రోబు తీసుకుని, దాని రెండు తీగలనూ మెలిపెట్టి చూడమనండి. 1150 వచ్చినా, 1500 వచ్చినా, పాత మోటారు ఎనామిలుకు రెండూ మంచివి కావు.

పరవాడ_రాత్రిషిఫ్టు
నా బాధ కూడా వినండి. మా పాత డ్రైవులో ఐజీబీటీలు తీసి అదే బోర్డు మీద కార్బైడ్ మాస్‌ఫెట్లు పెట్టాం. కేబులు గ్లాండులో నీరు చేరి షార్టయిన రోజున ఆరూ పేలిపోయాయి. ఐజీబీటీ షార్టును పది మైక్రోసెకన్లు తట్టుకుంటుందన్న లెక్కతో చేసిన రక్షణ అది, ఎనిమిదో మైక్రోసెకనుకు ఆపేది. కార్బైడు చిప్పు చిన్నది, రెండు మూడు మైక్రోసెకన్లకు మించి ఆగదని అప్పుడే తెలిసింది. ఆ డబ్బు నా జీతంలో కోశారు.

గాజువాక_వైండింగు
అందుకే అంటున్నాను. పోనీ కొత్త డ్రైవునే ఉంచుతారా, స్విచ్చు వేగాన్ని అదుపు చేసే గేటు రెసిస్టరు పెంచి నెమ్మది చేయమనండి. పాతదాని వేగానికి తెస్తే మోటారు బతుకుతుంది.

సింహగిరి
నెమ్మది చేస్తే కార్బైడు కొనడం ఎందుకు? వేగానికే కదా డబ్బు పెట్టింది. ఇది కాళ్లు కట్టేసి గుర్రాన్ని పరుగెత్తమన్నట్టు ఉంది. మోటారు మార్చుకోండి, ఇన్వర్టరు కోసం చేసినవి దొరుకుతాయి.

గాజువాక_వైండింగు
మార్చుకోండి అనడం తేలిక. మీ బల్ల మీద ఒక్క మీటరు పొడవు తీగతో పరీక్షించి అమ్ముతారు, ఇక్కడ 30 మీటర్ల అవతల కాలేది ఇంకొకరి మోటారు. హార్బరులో సీజను రోజుల్లో ఒక్కరోజు ఐసు ఆగితే బోట్లవాళ్లు వేరే చోటికి పోతారు. ఆ నష్టం మీ డేటాషీటులో ఉందా? ఇద్దరు ముగ్గురు కస్టమర్లకు నేను ఉచితంగా మళ్లీ కట్టాను, నా వైండింగే నాసిరకమని వాళ్లు అనుకున్నందుకు.

సింహగిరి
అది మీ కష్టం, ఒప్పుకుంటాను. కానీ భౌతికశాస్త్రం దానికి తలవంచదు.

మధురవాడ_బెంచి
ఒక్క క్షణం ఆగండి. మీ ఇద్దరి లెక్కలూ వేర్వేరు స్విచ్చింగు ఫ్రీక్వెన్సీల మీద నడుస్తున్నాయి, అది ఇద్దరూ చెప్పలేదు. వైండింగు గారి మనసులో ఉన్నది సెకనుకు 8 వేల సార్లు స్విచ్చయ్యే మామూలు డ్రైవు. సింహగిరి గారిది ఎన్నో రెట్లు ఎక్కువ వేగంతో తిరిగే ఛార్జరు.

నా బెంచి మీద 600 వోల్టులు, 20 ఆంపియర్ల దగ్గర వేడి మీద కొలిచాను. ఒకసారి వేసి తీయడానికి ఐజీబీటీకి దాని డయోడుతో కలిపి 3.5 మిల్లీజౌళ్లు. కార్బైడుకు పూర్తి వేగంలో 0.45. గేటు రెసిస్టరు పెంచి నానోసెకనుకు 5 వోల్టులకు నెమ్మది చేస్తే 1.6. ఆరు స్విచ్చులకు సైను కరెంటు మీద 8 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్కిస్తే ఐజీబీటీకి 53 వాట్లు, నెమ్మది చేసిన కార్బైడుకు 24, పూర్తి వేగానికి 7. అంటే నెమ్మది చేసినా సగం కన్నా ఎక్కువ మిగులుతుంది సింహగిరి గారూ, తోక లేకపోవడం వల్ల వచ్చే లాభం ఎక్కడికీ పోదు. అయితే 7.5 కిలోవాట్లలో 30 వాట్ల మిగులు, ఏడాదికి ఆరు వేల గంటలు నడిపినా 180 యూనిట్లే. దీనికోసం మోటారును పణంగా పెట్టనక్కర్లేదు. ఇంకొకటి, పూర్తి లోడులో 20 ఆంపియర్ల శిఖరం దగ్గర నా వేడి కార్బైడు స్విచ్చులో 2.2 వోల్టులు పడింది, ఐజీబీటీలో 1.9. ప్రవహించేటప్పుడు అక్కడ పాతదే మెరుగు. తక్కువ లోడులో మాత్రం కార్బైడు గెలుస్తుంది.

ఇక వైండింగు గారూ, నెమ్మది చేస్తే మోటారు బతుకుతుందన్నారు. నానోసెకనుకు 5 వోల్టులంటే ఎక్కడానికి 117 నానోసెకన్లు, అంటే 9 మీటర్లు. 30 మీటర్ల తీగకు రెట్టింపు తప్పదు. మొదటి కాయిలు మీద భారం తగ్గుతుంది, అంతే. రెట్టింపే రాకూడదంటే 400 నానోసెకన్లకు సాగదీయాలి, అప్పుడు నష్టం ఐజీబీటీని మించిపోవచ్చు.

మూడో దారి ఒకటుంది. పూర్తి వేగంలోనే ఉంచి, ఫ్రీక్వెన్సీని 48 కిలోహెర్ట్జ్‌కు పెంచండి. ఆరు రెట్లు వేగం, నష్టం 41 వాట్లు, అప్పటికీ ఐజీబీటీ 8 దగ్గర తినేదాని కన్నా తక్కువే. ఇప్పుడు డ్రైవు బయట ఇండక్టరు, కెపాసిటరు కలిపి సైను ఫిల్టరు పెడితే, ఫ్రీక్వెన్సీ ఆరింతలు కనుక ఆ రెండింటి లబ్ధం 36వ వంతుకు తగ్గుతుంది. ఐజీబీటీతో ఇదే ఫిల్టరు గోడకు ఆనించి పెట్టే పెట్టె అయ్యేది. కేబులులోకి వెళ్లేది నున్నని సైను, తీగ ఎంత పొడవైనా సరే. అదే నెమ్మది చేసిన గేటుతో 48కి పెంచితే 147 వాట్లు, డ్రైవు వేడికే పోతుంది. నెమ్మదీ, ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఒకచోట కుదరవు.

సింహగిరి
8 దగ్గర సగం మిగులుతుందన్నది నేను లెక్క వేయలేదు. తప్పు నాదే.

గాజువాక_వైండింగు
ఫిల్టరు ఖర్చు ఎవరు పెడతారు? డ్రైవుతో కలిపి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. ఇంతకాలం నేను అడుగుతున్నది అదే, 30 మీటర్ల కేబులు అని తెలిసి డ్రైవు ఇచ్చినవారు ఆ మాట ముందే చెప్పాలా, వద్దా?

పరవాడ_రాత్రిషిఫ్టు
చెప్పాలి. మాకూ చెప్పలేదు.

హార్బర్_ఐసు
అందరికీ ధన్యవాదాలు. డ్రైవును మోటారు పక్కనే పెట్టవచ్చు కదా అని ఎవరూ అడగలేదు. కంప్రెసరు గదిలో అమోనియా ఉంటుంది, రాగిని తినేస్తుంది, దానికి తోడు ఉప్పుగాలి. అందుకే ఆ గదికి 30 మీటర్ల దూరంలో పెట్టాం. మా డ్రైవు మెనూలో ఫ్రీక్వెన్సీ గరిష్ఠం 16 దగ్గరే ఆగుతోంది. దానికి ఎలాంటి ఫిల్టరు పట్టుతుంది, బెంచి గారూ?

మధురవాడ_బెంచి
16 దగ్గర లబ్ధం 8తో పోలిస్తే నాలుగో వంతు, 48తో పోలిస్తే తొమ్మిది రెట్లు. బరువుగానే ఉంటుంది. ముందు టెర్మినలు దగ్గర డిఫరెన్షియల్ ప్రోబుతో ఎక్కే సమయం కొలిచి ఇక్కడ పెట్టండి, అప్పుడు సైను ఫిల్టరా, అంచును మాత్రం నెమ్మది చేసే చిన్నదా అన్నది చూద్దాం. వైండింగు గారూ, కొత్తగా కట్టిన మోటారుకు ఒకసారి సర్జి పరీక్ష చేసి ఇవ్వండి, మెగ్గరు పట్టుకోలేనిది అది పట్టుకుంటుంది.

గాజువాక_వైండింగు
నా దగ్గర ఆ యంత్రం లేదు. ఆటోనగరులో ఒకరి దగ్గర ఉంది, గురువారం తీసుకెళ్తాను.