ఏ లెక్క చెప్పినా జీఎం సార్‌కి తప్పే: పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

డిస్పాచ్_చిత్తూరు
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తున్నాను. తోతాపురి సీజన్ నడుస్తోంది, గేటు బయట లారీల క్యూ. రోజూ సాయంత్రం 5కి జీఎం సార్ పిలిచి ‘స్టాక్ ఎంతుంది?’ అంటారు. మొన్న గోడౌన్‌లో ఉన్నవన్నీ లెక్కపెట్టి 412 డ్రమ్ములు అన్నాను. ‘అందులో రేపు పంపగలిగేవి ఎన్నో చెప్పలేవా?’ అని కేక. సరేనని మరుసటి రోజు క్వాలిటీవాళ్ళు పాస్ చేసినవి మాత్రమే చెప్పాను. ‘మిగతావి ఎక్కడికి పోయినాయి? బ్యాంకుకి స్టేట్‌మెంట్ ఎవరు పంపుతారు, మీ తాతా?’ అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు. కానీ 4 దాటితే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇలాంటి బాస్‌తో ఎలా నెగ్గుకురావాలి?

లాడ్జి_కుర్రోడు
బ్రదర్, ఉద్యోగం మారిపో. శ్రీసిటీ వైపు కంపెనీలు బోలెడున్నాయి. తిట్లు తింటూ ఎందుకు? లేదంటే లేబర్ ఆఫీసులో కంప్లైంట్ పెట్టు.

డిస్పాచ్_చిత్తూరు
అన్నా, కంప్లైంట్ పెట్టేంత లేదు. ఆయనకి ఏం కావాలో ముందే తెలుసుకోవడం ఎట్లా అని అడుగుతున్నా.

పాత_ప్లాంట్_మనిషి
ఇదే లైన్లో చాలా ఏళ్ళు చేసి రిటైరైనాను. ఒక్క సంగతి చెప్పు బాబూ. నువ్వు లెక్క చెప్పిన తర్వాత మీ జీఎం ఎవరితో మాట్లాడతాడు?

డిస్పాచ్_చిత్తూరు
5.30కి చెన్నైలో ఉన్న ఓనర్ గారి ఫోన్ వస్తుంది సార్. ఆయన పక్కనే ఎక్స్‌పోర్ట్ చూసే మేడం ఉంటారు.

పాత_ప్లాంట్_మనిషి
చూశావా, అక్కడుంది కిటుకు. ఆ ఫోన్‌లో ఓనర్ అడిగేది గోడౌన్ సంగతి కాదు, ‘కొత్త పార్టీ ఒక కంటైనర్ అడుగుతున్నాడు, ఒప్పుకోవచ్చా?’ అని. 20 అడుగుల కంటైనర్‌కి 80 డ్రమ్ములు, డ్రమ్ముకి 215 కిలోలు. కాబట్టి మీ సార్‌కి ఆ పూట కావాల్సింది ఎవరికీ మాట ఇవ్వని, ల్యాబ్ నుంచి విడుదలైన డ్రమ్ములు. అదే నెలాఖరులో బ్యాంకు కోసం అడిగితే, హోల్డ్‌లో ఉన్నవాటితో సహా మొత్తం కావాలి. రెండు పనులకీ ఆయన ఒకే ప్రశ్న వేస్తాడు, ఆయన బుర్రలో తేడా ఉంది కాబట్టి నీకూ తెలుసనుకుంటాడు.

నీ దగ్గర 412లో హోల్డ్ ఎన్ని, ఆర్డర్లకి కట్టేసినవి ఎన్ని?

డిస్పాచ్_చిత్తూరు
ఇంక్యుబేషన్ పూర్తికాక ల్యాబ్ ఆపినవి 150. రెండు కంటైనర్లకి కేటాయించినవి 160.

పాత_ప్లాంట్_మనిషి
అంటే చేతిలో ఖాళీగా ఉన్నవి 102. ఒక కంటైనర్ ఒప్పుకోవచ్చు, ఇంకా 22 మిగులుతాయి. ఇది మొదటి లైన్లో రాయి. కింద కేటాయించినవి, హోల్డ్, చివర మొత్తం. హోల్డ్ పక్కన ఏ లాట్ ఏ రోజు విడుదలవుతుందో కూడా వేయి. నువ్వు వేయకపోతే ఆయన తర్వాతి ప్రశ్న అదే.

ఇప్పుడు అసలు పని. ‘సార్, మీకు రిపోర్ట్ ఎట్లా కావాలి?’ అని వట్టి చేతులతో పోవద్దు. అట్లా అడిగితే ఏ బాసైనా ‘సరిగ్గా కావాలి’ అనే అంటాడు. నిన్నటి అంకెలతో కాగితం నింపి తీసుకుపో. ఎదురుగా తప్పు కాగితం ఉంటే మనిషి పెన్ను తీసి దిద్దుతాడు. ఆ దిద్దుబాటే నీకు కావాల్సింది. టైమ్ కూడా చూసుకో. సాయంత్రం 5కి కాదు, లారీలు వెయింగ్ బ్రిడ్జి దగ్గర ఆగినప్పుడూ కాదు. పొద్దున రౌండ్ అయ్యాక టీ తాగే సమయం ఒకటి ఉంటుంది, అది పట్టుకో.

రేణిగుంట_లైన్_అక్క
పెద్దాయన చెప్పింది కరెక్ట్. దానికి ఇంకొకటి కలపండి. ఏది మీరే తేల్చుకోవచ్చు, దేనికి ఆయన్ని నిద్రలేపి అయినా చెప్పాలి అన్నది అదే కూర్చోవడంలో అడిగేయండి. నేను ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్లో సూపర్‌వైజర్‌ని. మా మేనేజర్‌తో నేను ఇలా అన్నాను: ‘లైన్ పదిహేను నిమిషాల లోపు ఆగితే నేను చూసుకుంటా, షిఫ్ట్ అయ్యాక చెప్తా. దాటితే వెంటనే ఫోన్ చేస్తా. సరేనా?’ ఆయన పదిహేనుని పది చేశాడు, అంతే. అంతకుముందు ప్రతి చిన్నదానికీ ‘ఎందుకు చెప్పలేదు’, చెప్తే ‘ఇదీ నేనే చూడాలా’. ఇప్పుడు ఆ రెండూ తగ్గాయి. పూర్తిగా పోలేదు.

లాడ్జి_కుర్రోడు
ఓహో, అర్థమైంది. మాకూ ఇట్లాంటిదే. తిరుపతిలో లాడ్జి రిసెప్షన్ నాది. బ్రహ్మోత్సవాలప్పుడు మా ఓనర్ ‘రూములు ఎన్ని రెడీ?’ అంటాడు. మాది 24 గంటల చెకౌట్, ఒక్కో రూము ఒక్కో టైముకి ఖాళీ అవుతుంది. ఖాళీ అయినవి చెప్తే దుప్పట్లు మార్చలేదంటాడు. దుప్పట్లు మార్చినవి చెప్తే గీజర్ చూశావా అంటాడు. చివరికి హౌస్‌కీపింగ్ అక్క తాళం తెచ్చి బోర్డుకి తగిలిస్తేనే రెడీ అని ఇద్దరం ఒప్పుకున్నాం. కానీ జీతం మాత్రం అంతే ఉంది.

కార్పొరేట్_మావయ్య
సింపుల్ రూల్ చెప్తా. పరిష్కారం లేకుండా బాస్ గదిలో కాలు పెట్టొద్దు. సమస్య చెప్పేవాడికి విలువ లేదు, పరిష్కారం తెచ్చేవాడికే విలువ. నా టీమ్‌కి మొదటి రోజే చెప్తాను.

రేణిగుంట_లైన్_అక్క
సగమే ఒప్పుకుంటాను సార్. మీలా చెప్పే మేనేజర్ కింద ఒక కుర్రాడు సోల్డరింగ్ టెంపరేచర్ తేడా వస్తోందని గమనించి, కారణం దొరికాక చెబుదామని తనలో తనే పెట్టుకున్నాడు. ఈలోగా ఆ షిఫ్ట్ బోర్డులన్నీ రీవర్క్‌కి పోయాయి. చెడు వార్తని ఆపకూడదు. ముందు ‘ఇది జరిగింది, గంటలో దారులు చెప్తాను’ అని ఒక్క ముక్క పంపాలి. దారులు ఆ తర్వాత.

కార్పొరేట్_మావయ్య
ఎమర్జెన్సీ వేరు. నేను రోజువారీ ఫిర్యాదుల సంగతి అన్నాను. మనిషి లేడు, మెషిన్ లేదు, ట్రాన్స్‌పోర్ట్ లేదు అని వచ్చేవాళ్ళ గురించి.

డిస్పాచ్_చిత్తూరు
పొద్దున కాగితం పట్టుకుపోయాను. సార్ మొత్తం అంకె కొట్టేసి ‘ఇది నెలాఖరుకి చాలు’ అన్నారు. హోల్డ్ తేదీల కింద గీత గీసి ‘ఇది ముఖ్యం’ అన్నారు. బాగుంది అనలేదు గానీ కాగితం జేబులో పెట్టుకున్నారు.

కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి. రేపు సాయంత్రం 6కి చెన్నై పోర్టులో కటాఫ్. ఆ కంటైనర్‌కి పెట్టిన 80లో 12 డ్రమ్ముల్ని ల్యాబ్ ఇప్పుడే ఆపింది. ఆ ప్యాలెట్ల దగ్గర డ్రమ్ము లోపలి బ్యాగ్ మూతి నుంచి కారినట్టు మరక ఉందట. సార్‌కి ‘12 డ్రమ్ములు ఆగాయి’ అని మెసేజ్ పెట్టాను. అరగంటలో వివరం ఇస్తానన్నాను. ఏం రాయాలి?

కార్పొరేట్_మావయ్య
ల్యాబ్‌వాళ్ళని కాస్త తొందరపెట్టి పాస్ చేయించు. మరక పైపైదే కావచ్చు.

పాత_ప్లాంట్_మనిషి
అది దారి కాదండీ. అసెప్టిక్ బ్యాగ్‌కి గాలి తగిలిందా లేదా అన్నది కంటితో తేలదు, శాంపిల్ కొన్ని రోజులు ఉంచితేనే బయటపడుతుంది. ఒక్క బ్యాగ్ ఓడలో ఉబ్బితే పార్టీ మొత్తం లాట్‌నే అనుమానిస్తాడు. తొందరపెట్టి పాస్ చేయించడాన్ని కాగితం మీద ఒక దారిగా కూడా రాయొద్దు.

నీ దగ్గర ఖాళీగా ఉన్న డ్రమ్ములున్నాయి కదా. అవి వేరే లాటా? తీపి శాతం, అదే బ్రిక్స్, సరిపోతుందా?

డిస్పాచ్_చిత్తూరు
వేరే లాట్ సార్. బ్రిక్స్ పార్టీ అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే. కానీ ఆ లాట్ శాంపిల్‌ని ఈ పార్టీ ఓకే చేసినట్టు నా ఫైల్లో లేదు.

ఇలా రాశాను, చూడండి:

‘సార్, రేపటి కంటైనర్‌లో 12 డ్రమ్ములు లీక్ అనుమానంతో హోల్డ్. మిగతా 68 సిద్ధం. కటాఫ్ రేపు సాయంత్రం 6, బండి పొద్దున 10 కల్లా కదలాలి.
ఒకటి: ఖాళీగా ఉన్న లాట్ నుంచి 12 కలపడం. ఆ లాట్‌కి ల్యాబ్ సర్టిఫికెట్ విడిగా కావాలి, పార్టీ ఒప్పుకోవాలి.
రెండు: 68తోనే పంపడం. కంటైనర్ కిరాయి మాత్రం అంతే పడుతుంది.
మూడు: తర్వాతి ఓడకి మార్చడం. వారం ఆలస్యం.
నా ఉద్దేశం ఒకటోది. పార్టీతో మీరు మాట్లాడితేనే అవుతుంది. రాత్రి 8 లోపు తెలిస్తే డ్రమ్ములు బయటికి తీయిస్తాను. ఒప్పుకోకపోతే రెండోది.’

పాత_ప్లాంట్_మనిషి
బాగా రాశావు. ఏం చేయమంటారు అని వదిలేయకుండా, ఆయన చేయాల్సిన ఒక్క పని, అది ఎప్పటిలోగా అన్నది రాశావు. రెండోదాంట్లో ఒకటి చేర్చు. సంఖ్య మారితే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బరువు డిక్లరేషన్ అన్నీ మారతాయి. షిప్పింగ్ బిల్ ఇప్పటికే వేసి ఉంటే సవరణ చేయించాలి. కస్టమ్స్ ఏజెంట్‌కి ఫోన్ చేసి రేపటిలోగా అవుతుందా కనుక్కుని ఆ మాట కూడా రాయి. లేకపోతే రెండో దారి చూడ్డానికి సులువుగా ఉండి, మధ్యాహ్నానికి మెడకి చుట్టుకుంటుంది.

రేణిగుంట_లైన్_అక్క
కారణం గురించి రెండు పేజీలు రాయకపోవడం నాకు నచ్చింది. అది రేపటి తర్వాత.

డిస్పాచ్_చిత్తూరు
బండి పోయింది, 80తోనే. ఏజెంట్ సవరణ కష్టమన్నాడు, ఆ మాట చేర్చే సార్‌కి మెసేజ్ పంపాను. సార్ చూసి మొదట ‘ఇది ఈరోజా తెలిసేది?’ అని అరిచారు. తర్వాత ‘ఆ లాట్ శాంపిల్ ఆ పార్టీకి పోయినసారే పంపినాం, ఓకే అన్నాడు. మెయిల్ నా దగ్గరుంది’ అన్నారు. పార్టీకి ఒక ఫోన్ చేసి, సర్టిఫికెట్ వేసి పంపమన్నారు. నాకు ఆ సంగతే తెలియదు.

పాత_ప్లాంట్_మనిషి
నీకు తెలియనివి ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటాయి. అందుకే దారి పక్కన దానికి ఏది అడ్డమో రాయమనేది. ‘పార్టీ ఒప్పుకోవాలి’ అని నువ్వు రాయబట్టే ఆయనకి ఆ మెయిల్ గుర్తొచ్చింది. ఇకనుంచి శాంపిల్ ఓకేల మెయిళ్ళలో నీ పేరు కూడా పెట్టమని అడుగు. ఇప్పుడైతే ఒప్పుకుంటాడు.

డిస్పాచ్_చిత్తూరు
అడుగుతాను సార్. ఇంకొకటి. ఓనర్ గారి అబ్బాయి చిన్నసార్ ఈమధ్య నాకే నేరుగా ఫోన్ చేసి, ఈ పార్టీ బండి ముందు పంపు అంటున్నారు. జీఎం సార్ చెప్పిన వరుస వేరే. మొన్న చిన్నసార్ మాటని వాట్సాప్‌లో రాసి ‘ఇలా అన్నారు, కన్ఫర్మ్ చేయండి’ అని ఇద్దరికీ పెడితే, చిన్నసార్‌కి కోపం వచ్చింది. నా మీద సాక్ష్యం పోగేస్తున్నావా అన్నారు.

కార్పొరేట్_మావయ్య
రాతపూర్వకంగానే ఉంచు. రేపు ఏమైనా అయితే నిన్నెవరూ కాపాడరు.

రేణిగుంట_లైన్_అక్క
మాలాంటి కంపెనీల్లో అది నడుస్తుంది. ఫ్యామిలీ ఫ్యాక్టరీలో ఓనర్ కొడుకుని కన్ఫర్మ్ చేయమంటే అట్లాగే అనిపిస్తుంది మరి. ఫోన్‌లోనే ‘అయితే రెండో పార్టీ బండి రేపటికి పోతుంది సార్, జీఎం గారికి చెప్పేస్తున్నాను’ అని మాటల్లో అనేసి, జీఎంకి మాత్రం మెసేజ్ పెట్టి చూడండి.

పాత_ప్లాంట్_మనిషి
నేనైతే ఇది జీఎం నెత్తినే పెడతాను. వరుస తేల్చుకోవాల్సింది వాళ్ళిద్దరు. కానీ మా రోజుల్లోనూ ఇది తెగలేదు బాబూ, ఓనర్ తమ్ముడు ఒకడు ఉండేవాడు.

లాడ్జి_కుర్రోడు
మా లాడ్జిలో ముగ్గురు అన్నదమ్ములు. ఎవరికైనా జవాబు దొరికితే నాకూ చెప్పండి.