కేటీ ప్లాన్‌లో రివర్స్ షాడోకి ఎన్ని వారాలు?

కొలంబస్: అందరికీ నమస్కారం. ఒహాయోకి వచ్చి మూడు వారాలే అయింది. ఇన్సూరెన్స్ క్లయింట్ సపోర్ట్ పని పాత వెండార్ నుంచి మా హైదరాబాద్ టీమ్‌కి వస్తోంది. పాతవాళ్ల దగ్గర పని నేర్చుకునే కేటీ ప్లాన్ నన్నే వెయ్యమన్నారు. అక్టోబర్ 5న మొదలు, మొత్తం ఎనిమిది వారాలు. నాలుగు వారాలు సెషన్లు, రెండు పాతవాళ్లు చేస్తుంటే చూసే షాడో, రెండు మావాళ్లు చేస్తుంటే వాళ్లు చూసే రివర్స్ షాడో అనుకున్నా. సరేనా?

న్యూజెర్సీ: బాగానే ఉంది తమ్ముడూ. ప్రతి సెషనూ రికార్డ్ చేయించు, డాక్యుమెంట్ రాయించు. గంటల లెక్క చూపించి సంతకం తీసుకో.

డాలస్: రికార్డింగ్ మంచిదే కానీ గంటల మీద సంతకం వద్దండి. ముందు ఆరు నెలల టికెట్లు దించి ఏ రకం ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. సెషన్లు వాటి మీదే పెడితే రెండు వారాలు చాలు.

అసలు తిరకాసు తేదీల్లో ఉంది. మీ ప్లాన్ నవంబర్ నెలాఖరు క్లోజింగ్‌కి ముందే అయిపోతోంది. అక్టోబర్ క్లోజింగ్ పాతవాళ్లు చేస్తుంటే మీవాళ్లు చూడాలి. నవంబర్‌ది మీవాళ్లు చెయ్యాలి, పాతవాళ్లు పక్కన కూర్చోవాలి. సంతకం ఆ తర్వాతే, అంటే డిసెంబర్ మొదటి వారం.

షాడోలో చేతులు గమనించమనండి. ప్రీమియం పోస్టింగ్ జాబ్ మధ్యలో పడిపోయిందనుకోండి. డాక్యుమెంట్‌లో 'రీస్టార్ట్ చెయ్యాలి' అని ఒక్క ముక్కే ఉంటుంది. పాతమనిషి మాత్రం ముందు లాగ్ తెరిచి ఎన్ని రికార్డులు పోస్ట్ అయ్యాయో చూసి, ఆగిన స్టెప్ నుంచే నడుపుతాడు. అది తెలియనివాడు మొదటి నుంచి నడిపితే అదే ప్రీమియం రెండుసార్లు పడుతుంది. ఇలాంటివి అడిగితే చెప్పరు, వాళ్లకి అలవాటైపోయి గుర్తే ఉండదు.

టొరంటో: నేనూ నోటీస్ పీరియడ్‌లో ఉన్నా, కేటీ ఇవ్వకపోతే రిలీవింగ్ లెటర్ ఆపుతారా?

డాలస్: అది వేరే సంగతి అన్నా, విడిగా అడగండి.

కొలంబస్: మరి సంతకం దేని మీద పెట్టించాలి?

డాలస్: ఒక్కో అప్లికేషన్‌కి విడిగా పెట్టించండి. ఎక్కువగా వచ్చే పది రకాల టికెట్లు, ఒక నెలాఖరు, ఒక రాత్రి జాబ్ ఫెయిల్యూర్ మీవాళ్లు ఎవర్నీ అడక్కుండా తేల్చి ఉండాలి. ఆ టికెట్ నంబర్లు షీట్‌లో రాయండి. ఫెయిల్యూర్ రాకపోతే టెస్ట్‌లో కావాలని పడగొట్టించండి. క్లయింట్ తరఫున ఆ అప్లికేషన్ ఓనరే సంతకం పెట్టాలి, వెండార్ మేనేజర్ కాదు. ప్రొడక్షన్ యాక్సెస్‌లు ఇవాళే అడగండి. అవి లేకుండా రివర్స్ షాడో అంటే మళ్లీ చూడ్డమే.

న్యూజెర్సీ: సరే, ఒప్పుకుంటా. ఇంకోటి, నవంబర్‌లో ఇక్కడ గడియారం మారుతుంది. సాయంత్రం 6 గంటల జాబ్ హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3:30కి కాకుండా 4:30కి పడుతుంది. షిఫ్ట్ రోస్టర్ మార్చాలి.

కొలంబస్: పాత వెండార్ కాంట్రాక్ట్ నవంబర్ 30తో అయిపోతోందండి. డిసెంబర్ మొదటి వారం ఎవరు కూర్చుంటారు?

డాలస్: క్లయింట్‌ని ఇప్పుడే అడగండి. ఒక వారం పొడిగిస్తారో, క్లోజింగ్‌కి ఇద్దర్నే ఉంచుతారో వాళ్లే తేల్చాలి. ఏదైనా మెయిల్‌లో రాయించుకోండి.