స్లిప్ గేజుల గడువు దాటితే గొలుసు తెగినట్టేనా?

మాది రాయగడలో చిన్న మెషిన్ షాపు. కొత్తగా చేరిన శ్రీకాకుళం అబ్బాయికి మైక్రోమీటర్ చూపించి, దీని కొలతను ఎందుకు నమ్ముతామో చెప్పాను. దీన్ని మన స్లిప్ గేజులతో, అంటే కచ్చితమైన కొలతకు చేసిన ముక్కల సెట్టుతో, సరిచూస్తాం. వాటిని గుర్తింపు పొందిన ల్యాబ్ కొలుస్తుంది. ఆ ల్యాబ్ మాస్టర్ల లెక్క ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తుంది, అక్కడ మీటరును లేజర్ కాంతి తరంగంతో నిలబెడతారు. ఈ గొలుసులో పైకి వెళ్లేకొద్దీ కొలతలో అనిశ్చితి తగ్గుతుంది.

అంతా విని, "సార్, స్లిప్ గేజుల కాలిబ్రేషన్ గడువు మార్చిలోనే అయిపోయింది కదా, జూన్‌లో మైక్రోమీటర్ ఎలా చూశారు?" అన్నాడు. నా నోట మాట లేదు! పైగా 10 మి.మీ. ముక్క అంచున చిన్న నొక్కు ఉంది, పక్క ముక్కకు అతుక్కోవడం లేదు.

ఆ ముక్కను పక్కన పెట్టి, సెట్టును బాగుచేయకుండా ఉన్నది ఉన్నట్టే ల్యాబ్‌కు పంపాలని నా ఆలోచన. తేడా 1 మైక్రాన్ లోపే వస్తే, 0.01 మి.మీ. వరకే చదివే మైక్రోమీటర్‌కు అది లెక్కలోకి రాదు కాబట్టి జూన్ ఫలితం నిలుస్తుందా? లేక అప్పటి నుంచి ఆ మైక్రోమీటర్‌తో కొలిచి పంపిన బుష్‌లన్నీ మళ్లీ కొలవాలా? ఆడిట్‌లో ఎదుర్కొన్నవారు చెప్పగలరా?