సంక్రాంతి నెల స్లిప్పులో అడ్వాన్స్ 3,000: కలపాలా, తియ్యాలా?

గాజువాక ట్రైనీ: గాజువాక దగ్గర ట్రైనింగ్, ఉండేది వాళ్ల హాస్టల్లోనే. 2025 జనవరి స్లిప్పు ఇదీ: స్టైపెండ్ 9,300, గైర్హాజరు 2 రోజులకు కోత 600. మెస్ రోజుకు 110, తిననందుకు మెస్ కట్ 7 రోజులు, బిల్లు 2,640. అడ్వాన్స్ 3,000. చేతికి 3,060. నేను 11న పొద్దున్న టిఫిన్ చేసి శ్రీకాకుళం బస్సెక్కాను, 20న పొద్దున్న టిఫిన్ టైముకి వచ్చేశాను. ఈ లెక్క సరైనదేనా?

కంచరపాలెం కుర్రాడు: 11 నుంచి 20 దాకా 10 రోజులు. 7 వేశారంటే 3 రోజులు మింగేసినట్టే, 330 వెనక్కి అడుగు. స్టైపెండ్‌ని మాత్రం కదపకు గురూ. 9,300ని 30తో భాగిస్తే రోజుకి 310, రెండు రోజులకి 620 కొయ్యాలి. వాళ్లు 600తో వదిలేశారు. నీకే లాభం.

పద్దుల పంతులు: 330 సంగతి తర్వాత. పెద్ద చేప వేరే చోట ఉంది. 9,300లో 600 పోతే 8,700. అందులో మెస్ 2,640 పోతే 6,060. చేతికొచ్చింది 3,060, అంటే అడ్వాన్స్‌ని కూడా కోతలోనే వేశారు. ఆ 3,000 ఎవరు ఎవరికిచ్చారు? పండక్కి ఆఫీసు నీకిచ్చిన అడ్వాన్సయితే కోత న్యాయమే. నువ్వు మెస్‌కి ముందే కట్టిందైతే అది నీ జమ. స్లిప్పులో రెండింటికీ ఒకటే మాట ఉండడంతోనే వస్తుంది ఈ గొడవంతా.

30తో భాగించడం అన్నిచోట్లా ఉన్న పద్ధతి కాదు తమ్ముడూ. వీళ్లు 31తో భాగించారు, 300 సరిగ్గా వచ్చింది. జనవరిలో 30తో భాగించి నెలంతా రానివాడికి కోత వేస్తే 31 × 310 = 9,610 అవుతుంది, స్టైపెండ్‌ని మించిపోతుంది. ఫిబ్రవరి స్లిప్పులో 28తో భాగించారో లేదో చూడు. నెలకో పద్ధతి అయితే అప్పుడు అడుగు.

గాజువాక ట్రైనీ: ఆఫీసు దగ్గర నేనేం తీసుకోలేదండి. జనవరి 1న చేరినప్పుడు మెస్ కౌంటర్లో 3,000 నగదు కట్టాను. రసీదు ఉంది.

పద్దుల పంతులు: అయితే గుర్తు తిరగబడింది. మెస్ బిల్లు 2,640 నీ అడ్వాన్స్ 3,000లోంచే పోవాలి. 360 మిగులుతుంది. స్టైపెండ్ 8,700 మొత్తం నీ చేతికి రావాలి, 360 ఫిబ్రవరికి ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా వెళ్లాలి. మిగులు కూడా ఇప్పుడే ఇస్తే 9,060. రావలసిన 9,060కీ వచ్చిన 3,060కీ తేడా 6,000, సరిగ్గా అడ్వాన్స్‌కి రెట్టింపు. లెక్క తేడా వచ్చినప్పుడు దాన్ని సగం చేసి, ఆ అంకె స్లిప్పులో ఎక్కడైనా ఉందేమో చూడాలి. ఉంటే కలపాల్సిందాన్ని తీసేసి ఉండొచ్చు.

పాత మెస్ సెక్రటరీ: పంతులుగారూ, అంత తొందర వద్దు. చేరినప్పుడు కట్టించుకునేది చాలా హాస్టళ్లలో డిపాజిట్. వెళ్లిపోయేరోజు బాకీలు చూసుకుని తిరిగిస్తారు, నెలనెలా ముట్టుకోరు. అప్పుడు సరైన అంకె 9,060 కాదు, 6,060. ఆ 3,000 స్లిప్పులో కనపడనే కూడదు. ఎటు చూసినా 3,060 తప్పే, కానీ ఎంత అడగాలన్నది రసీదు మీది మాటని బట్టే తేలుతుంది.

పద్దుల పంతులు: ఒప్పుకుంటాను. ఒకటి మాత్రం చూడాలి. డిపాజిట్ కట్టలేదనుకుని ఆఫీసు స్టైపెండ్‌లోంచి వసూలు చేసి ఉండొచ్చు. కౌంటర్లో కట్టిన నగదు ఆఫీసు లెడ్జర్‌కి ఎక్కకపోతే జరిగేది ఇదే. రసీదు నంబరు, తేదీ చూపించి లెడ్జర్లో నీ పేజీ అడుగు. జనవరి 1న జమ వైపు 3,000 ఉండాలి.

ఒక అమ్మ: మా అబ్బాయి పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నాడండి. వాడికి ప్రభుత్వం ఇచ్చే వసతి డబ్బు ఇంకా పడలేదు. మీకు ఈ నెల పడిందా?

పాత మెస్ సెక్రటరీ: అమ్మా, ఇది ట్రైనింగ్ సెంటర్ ఇచ్చే స్టైపెండ్, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక మెస్ కట్. 11న టిఫిన్ తిన్నాడు, 20న టిఫిన్‌కి వచ్చాడు. ఒక్క పూట తిన్నా ఆ రోజు లెక్కే, కాబట్టి ఆ రెండూ పోతాయి. 12 నుంచి 19 దాకా 8 రోజులు. కుర్రాడు చెప్పిన 10 రాదు, వాళ్లేసిన 7కీ ఏదో కారణం ఉండాలి. లెటర్ ఎప్పుడిచ్చావు?

గాజువాక ట్రైనీ: 11న పొద్దున్న బయల్దేరేముందు కేర్‌టేకర్‌కి ఇచ్చాను. ఇంకో అనుమానం. మెస్ కట్ 7 అయినప్పుడు గైర్హాజరు 2 ఎలా అయింది?

పాత మెస్ సెక్రటరీ: అవి రెండు వేరే రిజిస్టర్లు, వాటిని సరిపోల్చకూడదు. క్లాసులో 12, 19 ఆదివారాలు, 13, 14, 15 పండగ సెలవులు. 11న, 16న సెలవు మంజూరయితే మిగిలింది 17, 18. ఆ 2 రోజులకే 600. మెస్‌కి ఆదివారం, కనుమ అన్న తేడా లేదు, కంచం ముందు ఉన్నావా లేదా అంతే.

7 ఎందుకంటే, 11న లెటరిస్తే 12కి సరుకు అప్పటికే లెక్కేసుకుని ఉంటారు. పూర్ణా మార్కెట్ నుంచి కూరలు ముందురోజే తెచ్చుకునే మెస్ అయితే కట్ 13 నుంచే మొదలవుతుంది. 13 నుంచి 19 అంటే 7.

కంచరపాలెం కుర్రాడు: సంక్రాంతికి సగం హాస్టల్ ఖాళీ అవుతుందని తెలీదా ఏటి? ఒక్కడి కోసం ఎవరైనా కూరలు తెస్తారా? ఆ 110 వదులుకోవద్దు.

పాత మెస్ సెక్రటరీ: ఆ ముక్క బాగానే ఉంది. అందుకే రేటు ఎలా కట్టారో చూడాలి. డివైడింగ్ సిస్టమ్ అయితే 110 అన్నది ముందే రాసిపెట్టింది కాదు, నెల ఖర్చుని అందరి మెస్ రోజులతో భాగిస్తే వచ్చింది. నోటీసు బోర్డు మీద ఉంటుంది చూడు.

గాజువాక ట్రైనీ: ఉంది. మొత్తం ఖర్చు 1,59,500, మెస్ రోజులు 1,450.

పాత మెస్ సెక్రటరీ: భాగిస్తే సరిగ్గా 110. ఇప్పుడు అందరి బిల్లుల్లో వేసిన రోజులు కూడు. నీకు 31లోంచి 7 పోగా 24. అలా కూడితే 1,450 రావాలి. 1,490 వచ్చిందనుకో, కట్ ఇవ్వకుండా 40 రోజులకు వసూలు చేసి, భాగించేటప్పుడు మాత్రం వాటిని వదిలేశారన్నమాట. ఖర్చు మీద 4,400 అదనంగా వచ్చినట్టు. అది ఫిబ్రవరి మెస్ లెక్కలో మిగులుగా కనపడాలి. కనపడకపోతే అడగాల్సింది నీ ఒక్కడి 110 గురించి కాదు.

పద్దుల పంతులు: కూడిక 1,450కే వస్తే మాత్రం నీ 12వ తేదీ కోసం కొట్లాడి లాభం లేదు. నీకు ఒక రోజు తగ్గిస్తే మెస్ రోజులు 1,449 అవుతాయి, రేటు 110.08 అవుతుంది, అందరికీ పైసలు పెరుగుతాయి. లెటరిచ్చిన మర్నాటికి కట్ రాదన్న నియమం కాగితం మీద ఉంటే 7 ఒప్పుకో.

కంచరపాలెం కుర్రాడు: కాగితం మీద లేకపోతే?

పద్దుల పంతులు: లేకపోతే 8. అప్పుడు బిల్లు 2,530.

గాజువాక ట్రైనీ: నియమం గోడ మీదయితే లేదండి, కేర్‌టేకర్ నోటిమాటగా చెప్తాడు. రసీదు ఇప్పుడే తీసి చూశాను. అచ్చు వేసిన మాట “మెస్ అడ్వాన్స్ / డిపాజిట్”. ఏదో ఒకటి కొట్టెయ్యాలి, రెండూ అలాగే ఉంచారు.

పాత మెస్ సెక్రటరీ: అయితే 6,060 అనాలో 9,060 అనాలో రసీదు చెప్పదు. నీతో చేరినవాళ్ల జనవరి స్లిప్పులు రెండు తెచ్చుకో. వాళ్లకి 3,000 కలిపారా, ముట్టుకోలేదా చూడు. వాళ్లకీ తీసేసి ఉంటే అందరూ కలిసి ఒకే లెటర్ పెట్టండి.