అప్‌డేట్: నాన్న బీపీ 164/70, పై అంకె మాత్రమే ఎక్కువ

నా పాత ప్రశ్న: "నాన్నకి 71 ఏళ్లు. బీపీ 164/70 వస్తోంది. కింది అంకె బాగానే ఉంది కదా, మందు అవసరమా? మెషీన్ తప్పా?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మలక్‌పేటలో ఒక ఫిజీషియన్‌కి చూపించాం. ఆయన మెషీన్‌తో రెండు చేతులకీ చూసినా దాదాపు అవే అంకెలు. కాబట్టి మెషీన్ అనుమానం వదిలేయొచ్చు.

గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు ధమనుల్లో ఉండే ఒత్తిడి పై అంకె. మళ్లీ కొట్టుకునేలోపు గుండె వదులైనప్పుడు మిగిలేది కింది అంకె. పెద్ద ధమని మెత్తగా ఉంటే, తోసిన రక్తానికి సాగి, తర్వాత మెల్లగా ముందుకి నెడుతుంది. వయసుతో అది గట్టిపడితే సాగదు. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. అంటే నాన్న విషయంలో ఆ 70 నిశ్చింతగా ఉండాల్సిన అంకె కాదు. పై అంకె ఒక్కటే ఎక్కువున్నా పక్షవాతం ప్రమాదం పెరుగుతుందట.

అలాగని ఒక్కసారిగా దించకూడదన్నారు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది వదులైనప్పుడే, కింది అంకె మరీ పడిపోతే అక్కడ ఇబ్బంది. అందుకే నిలబెట్టి కూడా బీపీ చూసి, అమ్లోడిపిన్ తక్కువ డోసుతో మొదలుపెట్టారు.

ఇప్పుడు 138/66 ఉంటోంది. లేచి నిలబడినా కళ్లు తిరగడం లేదు.