కొత్త ఉద్యోగికి ఉత్సాహం ఉంది, పని రాదు: టెల్లింగా, సెల్లింగా?

ఓరుగల్లు_ఎంబీఏ:
మాక్ టెస్టులో సిచ్యుయేషనల్ లీడర్‌షిప్ సిద్ధాంతం మీద ఈ ప్రశ్న వచ్చింది. "కొత్తగా చేరిన ఉద్యోగికి నేర్చుకోవాలన్న ఉత్సాహం, తనమీద తనకు నమ్మకం బాగా ఉన్నాయి. ఈ పనిలో అనుభవం మాత్రం లేదు. మేనేజర్ ఏ శైలి వాడాలి?" ఆప్షన్లు టెల్లింగ్, సెల్లింగ్, పార్టిసిపేటింగ్, డెలిగేటింగ్. నేను సెల్లింగ్ పెట్టాను, కీలో టెల్లింగ్ ఉంది. తప్పు నాదా, కీదా?

షిఫ్ట్_ఇన్‌చార్జ్:
కీ కరెక్టే తమ్ముడూ. పని రానివాడికి ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పాలి. చెప్పి పక్కనే నిలబడాలి. అంతేగానీ వాడిని ఒప్పిస్తూ కూర్చుంటే పని ఎప్పుడవుతుంది? పంతొమ్మిదేళ్లుగా ప్లాంటులో ఉన్నాను, కొత్తవాళ్లను చాలామందిని చూశాను.

సుబ్బు:
కొత్తవాడంటే ఎస్1, అంటే మొదటి శైలి టెల్లింగ్. మా కోచింగ్‌లో ఇలాగే చెప్పారు.

రాధ_లెక్చరర్:
సుబ్బు గారూ, "కొత్త" అన్న మాట దగ్గరే పిల్లలు పడిపోతారు. పదేళ్ల అనుభవంతో వేరే కంపెనీ నుంచి వచ్చినవాడు కూడా ఇక్కడ కొత్తవాడే. క్లాసులో నేను ఆ మాటను పెన్సిల్‌తో కొట్టేయమంటాను. తర్వాత ఒకటే అడగాలి: ఈ పని ఇవాళ ఇతనికి చేతనవుతుందా? కాదంటే టెల్లింగ్, సెల్లింగ్ మిగులుతాయి. అవుతుందంటే పార్టిసిపేటింగ్, డెలిగేటింగ్. సగం ఆప్షన్లు అక్కడే పోయాయి. రెండోది, ఇష్టం, నమ్మకం ఉన్నాయా? ఈ ప్రశ్నలో రెండూ ఉన్నాయని రాసే ఇచ్చారు. పని రాదు, మనసు ఉంది అంటే ఈ సిద్ధాంతం తెచ్చిన హెర్సీ లెక్కలో సంసిద్ధతలో రెండో మెట్టు, ఆర్2. దానికి జోడీ రెండో శైలి, సెల్లింగ్. ఓరుగల్లు గారు పెట్టిందే సరైన జవాబు.

కోదాడ_కిరణ్:
మేడమ్, నేను చదివినదాంట్లో ఉత్సాహంగా ఉన్న కొత్తవాడు ఎదుగుదలలో మొదటి మెట్టు, డి1. డి1కి ఎస్1. అంటే కీ కరెక్టే కదా. మీరు ఏ పుస్తకం చూశారో మరి.

రాధ_లెక్చరర్:
మీరు చదివిందీ నిజమే కిరణ్ గారూ, కానీ అది బ్లాంచర్డ్ తర్వాత మార్చిన నమూనా. హెర్సీ, బ్లాంచర్డ్ 1969లో దీన్ని కలిసే మొదలుపెట్టారు. 1980ల్లో ఎవరి దారి వాళ్లదైంది. బ్లాంచర్డ్ దగ్గర మొదటి మెట్టు మీద ఉండేవాడు ఉత్సాహంతో వస్తాడు, రెండో మెట్టు దగ్గర నీరుగారిపోతాడు. హెర్సీ దగ్గర మొదటి మెట్టు వాడికి పనీ రాదు, ధైర్యమూ లేదు. కాబట్టి ఒకే మనిషికి ఒకరి లెక్కలో ఎస్1 వస్తుంది, ఇంకొకరి లెక్కలో ఎస్2.

ఇక ఈ ప్రశ్న ఎవరిదో ఆప్షన్లే చెబుతున్నాయి. టెల్లింగ్, సెల్లింగ్ హెర్సీ పేర్లు. బ్లాంచర్డ్ ప్రశ్న అయితే డైరెక్టింగ్, కోచింగ్, సపోర్టింగ్ అని ఉండాలి. ఆప్షన్లు ఒకరివి, కీ ఇంకొకరిది. తప్పు అక్కడుంది.

పద్మజ:
నాకు పద్నాలుగేళ్ల సర్వీసు. కొత్తగా వచ్చిన మేనేజర్ ప్రతి ఫైలూ ఎలా రాయాలో నాకే చెబుతున్నాడు. డెలిగేషన్ అంటే ఏమిటో తెలియని వాళ్లను పెద్ద పదవుల్లో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది. ముందు ఇది మాట్లాడండి.

రాధ_లెక్చరర్:
మీ బాధ అర్థమైంది పద్మజ గారూ. ఒక్క మాట అడుగుతాను, ఆ ఫైళ్లు మీరు పద్నాలుగేళ్లుగా చూస్తున్నవేనా?

పద్మజ:
కాదు. పోయిన జూన్‌లో లోన్ల సెక్షన్‌కు మార్చారు. అంతకుముందు అంతా డిపాజిట్లే. అయినా పద్నాలుగేళ్లు పద్నాలుగేళ్లే కదండీ.

షిఫ్ట్_ఇన్‌చార్జ్:
రాధ గారూ, మీరు పేర్లు పట్టుకుని వాదిస్తున్నారు. నేను చూసింది చెబుతాను. ఒక ట్రైనీ కుర్రాడు ఉండేవాడు. అంత హుషారు మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఆవిరి లైను తెరవాలంటే ముందు డ్రెయిన్ తెరిచి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక, మెయిన్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి. వీడు డ్రెయిన్ వదిలేసి వాల్వ్ ఒక్కసారిగా తిప్పాడు. ఆవిరి ఆ నీళ్లను ఎత్తి కొడితే సుత్తితో బాదినట్టు లైనంతా దడదడలాడింది. ఫ్లాంజ్ దగ్గర గాస్కెట్ పోయింది. వాడు రెండడుగులు పక్కనుండబట్టి బతికాడు. ఉత్సాహం ఉన్నవాడికి సెల్లింగ్ అని మీరు బోర్డు మీద రాసేస్తారు, మేం మనుషుల ప్రాణాలు చూసుకోవాలి.

రాధ_లెక్చరర్:
ప్రాణాల మాట వచ్చింది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. సెల్లింగ్ అంటే వదిలేయడం అని మీరు అనుకుంటున్నారు. అది తప్పు. సెల్లింగ్‌లోనూ ఏం చేయాలో చెప్పేది మేనేజరే, నిర్ణయం మేనేజర్‌దే, పక్కన నిలబడటమూ ఉంటుంది. పని గురించి చెప్పడం తగ్గేది పార్టిసిపేటింగ్ నుంచి. సెల్లింగ్‌లో అదనంగా వచ్చేవి రెండే: ఎందుకో చెప్పడం, వాడి సందేహం వినడం. ఆ కుర్రాడికి వరుస చెప్పారు. డ్రెయిన్ ముందెందుకు తెరవాలో చెప్పారా?

షిఫ్ట్_ఇన్‌చార్జ్:
లేదు. నైట్ షిఫ్టు, అవతల లైను కోసం ఫోన్ మీద ఫోను. వరుస చెప్పి, అర్థమైందా అంటే తలూపాడు. నేను ప్యానెల్ దగ్గరకు వెళ్లాను. మీరేం అనబోతున్నారో తెలుసు. కానీ ఎందుకో చెప్పి ఉంటే ఆ ఊపులో వాడు ఆగేవాడని ఇప్పటికీ నమ్మను. మీ పుస్తకం ఉత్సాహాన్ని ప్లస్‌గా లెక్కేస్తోంది. నేను దాన్ని లెక్కలోకే తీసుకోను. పని వచ్చేదాకా వాడి ఉత్సాహమూ భయమూ నాకు ఒకటే.

రాధ_లెక్చరర్:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు సార్. మీ అభ్యంతరం సెల్లింగ్ మీద కాదు, మనిషి మనసును కొలతలోకి తేవడం మీదే. అది కీని సమర్థించడం కాదు, మొత్తం నమూనానే ఒప్పుకోకపోవడం. నేను ఒప్పుకుంటాను. భయపడేవాడు అడగడు, హుషారుగా ఉన్నవాడూ అడగడు. కానీ అడగకపోవడానికి కారణాలు వేరు కాబట్టి మాట్లాడే తీరూ వేరుగా ఉండాలంటాను.

పాత_మాస్టారు:
ఇద్దరికీ ఒక సంగతి. వెకియో అనే పరిశోధకుడు 1987లో హైస్కూల్ టీచర్లమీద ఈ సిద్ధాంతాన్ని పరీక్షించారు. కొత్తగా చేరిన టీచర్లకు గట్టిగా చెప్పి చేయించడం పనికొచ్చినట్టు కనిపించింది, పై మెట్ల దగ్గర సిద్ధాంతం అంతగా నిలబడలేదు. ఇన్‌చార్జ్ గారి అనుభవం గాలిలోది కాదు.

ఓరుగల్లు అబ్బాయికి ఇంకోటి. హెర్సీ, బ్లాంచర్డ్‌ల అసలు ప్రశ్నావళి లీడ్‌లో 12 సందర్భాలుంటాయి. ఒక్కోదానికి నాలుగు జవాబులు, వాటికి +2, +1, -1, -2. సరైన శైలికి పక్కనున్నదానికీ ఒక మార్కు ఉంటుంది. దాన్ని తెచ్చి ఒప్పు, తప్పు అని రెండే గీతలు గీసినప్పుడే ఈ తగాదా పుట్టింది.

ఓరుగల్లు_ఎంబీఏ:
థాంక్స్ మాస్టారూ, మేడమ్. ఆప్షన్ల పేర్లు హెర్సీవని రాసి అభ్యంతరం పంపాను. ఇంకా జవాబు రాలేదు. కిరణ్ అన్నట్టు వాళ్లు బ్లాంచర్డ్ అంటే ఏం చేయాలో తెలియడం లేదు.

పద్మజ:
రాధ గారూ, నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. డిపాజిట్లలో నేను ఆర్4, లోన్లలో కాదు అంటున్నారు, అంతేనా? సరే. కానీ ఆయన నాకు తాకట్టు రిజిస్ట్రేషన్ గురించి చెప్పేటప్పుడు ఒక్కసారైనా "ఇంతకుముందు మీరేం చేసేవారు" అని అడగలేదు. ఆ గడి మీ పట్టికలో ఎక్కడుంది?