పెసరట్టు రీల్‌కు స్క్రిప్ట్: విశేషణాలు తీసేస్తే ఏమి మిగులుతుంది?

ప్రశ్న అడిగినవారు (రాజమహేంద్రవరం):
అందరికీ నమస్కారం. మా నాన్నగారు నడిపే టిఫిన్ హోటల్‌కు ఒక చిన్న రీల్ తీయాలనుకుంటున్నాను. చూపించదలచుకున్నది పెసరట్టు ఉప్మా ఒక్కటే. నేను రాసుకున్న స్క్రిప్ట్‌లో వెనుక నుంచి ఒక గొంతు ఇలా చెబుతుంది: "కరకరలాడే అంచు, ఘుమఘుమలాడే నెయ్యి, నోరూరించే అల్లం పచ్చడి, అమ్మ చేతి వంటను గుర్తుచేసే రుచి." మా చెల్లెలు విని, ఈ మాటలు ఊళ్ళోని ఏ హోటల్‌కైనా అతుకుతాయని తేల్చేసింది. ఆ మాటలన్నీ తీసివేసి, చప్పుళ్ళతోనూ దగ్గరి దృశ్యాలతోనూ నడిపిద్దామంటే, స్క్రిప్ట్‌లో ఏమి రాయాలో తోచడం లేదు. మా దగ్గర రెండు ఫోన్లు ఉన్నాయి, వేరే పరికరాలు లేవు.

పెళ్ళి వీడియోలు తీసేవారు:
ఇది సులువేనండి. సెకనుకు 120 ఫ్రేముల వేగంతో తీసి నెమ్మదింపజేయండి. నెయ్యి చుక్క జారుతుంటే చూసేవారు అక్కడే ఆగిపోతారు. వంటగది గోల ఎక్కువగా ఉంటే ఎడిటింగ్ యాప్‌లో రొద తగ్గించే మీట నొక్కితే శుభ్రమైపోతుంది. పైన ఒక మంచి పాట వేయండి.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
పై సలహాలో నెయ్యి చుక్క గురించిన మాట నిజమే కానీ, మిగిలిన రెండూ ఈ ప్రశ్నకు సరిగ్గా ఎదురు తిరుగుతాయి. పెనం మీద పిండి పడినప్పుడు వచ్చే చప్పుడుకు మనిషి గొంతులా స్పష్టమైన స్వరమేదీ ఉండదు. యంత్రం దృష్టిలో అది ఫ్యాను రొద వంటిదే. మాటను నిలిపి మిగతాదంతా తుడిచివేయడానికే చేసిన ఆ మీట, మనకు కావలసిన చప్పుడునే ముందుగా తుడిచివేస్తుంది. అలా పాడైన చప్పుడును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: అట్టును బావిలో కాలుస్తున్నట్టు వినిపిస్తుంది. దృశ్యాన్ని నెమ్మదింపజేస్తే దానితో పాటు చప్పుడు కూడా సాగి గుర్రుమంటుంది కనుక, అక్కడ దాన్ని తీసేయక తప్పదు.

ఇక స్క్రిప్ట్ సంగతి. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు "కనిపించేది" అనీ, కుడివైపు "వినిపించేది" అనీ రాసుకోండి. ముందుగా కుడివైపునే నింపండి. ఇందులో మన భాష మనకు చేసిపెట్టిన సాయం ఒకటుంది. "కరకరలాడే" అన్నది గొంతుతో చెప్పిస్తే అరిగిపోయిన విశేషణం. అదే మాటను కుడివైపు గడిలో "కరకర" అని రాస్తే, అది ఫోన్ పట్టుకున్న మనిషికి ఆజ్ఞ అవుతుంది, ఎందుకంటే ఆ చప్పుడు ఎప్పుడు, ఎక్కడ పుడుతుందో అతడు వెళ్ళి వెతకాలి. మీ స్క్రిప్ట్‌లోని విశేషణాలన్నిటినీ ఇలా ఒక్కొక్కటిగా అటు జరిపి చూడండి. జరగనిది ఏదైనా ఉంటే, ఉదాహరణకు "అమ్మ చేతి వంట", దాన్ని కొట్టేయండి.

టిఫిన్ సెంటర్‌లో వంట మేస్త్రీ:
నాకు వీడియోల సంగతి తెలియదు కానీ, అట్టు చప్పుడు తెలుసు. రద్దీగా ఉన్నప్పుడు నేను ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూనే వెనుక పెనం మీది అట్టును చెవితో కనిపెడతాను. ముందు పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని, రెండు మూడు క్షణాల్లో ఆరిపోతుంది. పెనం మరీ కాగి ఉంటే పిండి గరిటెకే చుట్టుకుని ముద్దలు కడుతుంది కనుక, ఆ నీళ్ళు వేడి తగ్గించడానికే. పిండి వేసి తిప్పినప్పుడు వచ్చేది తడి చప్పుడు. అంచుల చుట్టూ నూనె వేశాక చిటపట మొదలవుతుంది. తరువాత ఆ చప్పుడు పలచబడుతూ వస్తుంది. అట్టులోని తడి పోతోందన్నమాట. దాదాపు ఆగిపోతున్నదనిపించినప్పుడు అంచు ఎర్రబడి దానంతట అదే లేస్తుంది. అప్పుడే అట్లకాడ పెట్టాలి. ముందే పెడితే చిరుగుతుంది, గరగరమనే చప్పుడూ రాదు.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
మేస్త్రీ గారు చెప్పినదే స్క్రిప్ట్. తడి చప్పుడు పొడి చప్పుడుగా మారడమే ఈ రీల్‌లో జరిగే కథ. దాన్ని ఇలా పరచుకోవచ్చు. మొత్తం 22 సెకన్లు.

0 నుంచి 2: తెర నిండా నల్లని పెనం, నీటి చుక్కలు పడి పరుగెత్తుతాయి. వినిపించేది: చుయ్. దీనికి ముందు పేరు, పలకరింపు, ఏమీ ఉండవు.

2 నుంచి 6: గరిటె అడుగుతో పిండిని గుండ్రంగా తిప్పడం. వినిపించేది: తడి చప్పుడు, దాని కింద గరిటె రాపిడి.

6 నుంచి 9: ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర పడతాయి, అంచు చుట్టూ నూనె తిరుగుతుంది. వినిపించేది: చిటపట.

9 నుంచి 13: కేవలం అంచు. కెమెరా కదలదు, మధ్యలో కోత ఉండదు. వినిపించేది: చప్పుడు పలచబడుతుంది, అంచు లేస్తుంది.

13 నుంచి 16: అట్లకాడ అంచు కింద దూరుతుంది. వినిపించేది: గరగర.

16 నుంచి 18: ఉప్మా పెట్టి మడవడం. వినిపించేది: దాదాపు నిశ్శబ్దం, అందులో వడ్డించే మనిషి అడిగే ఒక్క మాట: "అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమంటారా?"

18 నుంచి 21: రెండు వేళ్ళు అంచును విరుస్తాయి, లోపలి నుంచి ఆవిరి. వినిపించేది: కర్ర్.

21 నుంచి 22: పళ్ళెం, హోటల్ పేరు, పెసరట్టు దొరికే వేళలు.

ఈ వరుసలో నేను వదులుకోనిది 9 నుంచి 13 వరకు ఉన్న భాగం. కుర్రవాళ్ళు అక్కడే కోతలు పెడతారు. చప్పుడు తగ్గుతుంటే చూసేవారు తమకు తెలియకుండానే అంచు వైపు చూస్తారు. కోత పడితే ఆ తగ్గుదల వినపడదు. ఉప్మా దగ్గర నిశ్శబ్దం కూడా కావాలనే పెట్టాను, దాని తరువాతే విరుపు గట్టిగా వినపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపకారం చేశారండి. అయితే మా వంటగదిలో పొగ లాగే ఫ్యాను, పొయ్యి హోరు, ఫ్రీజర్ గుంయ్ మనడం అన్నీ ఉన్నాయి. నిన్న సరదాగా తీసి చూస్తే పెనం కన్నా ఫ్యానే ఎక్కువ వినపడింది.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
మధ్యాహ్నం మూడింటికి, రద్దీ లేనప్పుడు తీయండి. మీది మందపాటి ఇనుప పెనమే అయి ఉంటుంది. దాన్ని బాగా కాగనిచ్చి, నీళ్ళు చల్లే ముందు పొయ్యి కట్టేయండి. మొదటి మూడు చప్పుళ్ళకు ఆ వేడి సరిపోతుంది. అంచు ఎర్రబడేందుకు మాత్రం మంట కావాలి కనుక, దాన్ని వేరే అట్టుతో సన్నని సెగ మీద తీయండి. ఫ్యానును ఒక్కొక్క షాట్‌కు మాత్రమే ఆపి, వెంటనే మళ్ళీ వేయండి. గ్యాస్ మండే గదిలో ఎక్కువసేపు ఆపకూడదు. ఫ్రీజర్ ఆపితే మీ బండి తాళాలు దాని మీద పెట్టండి, మళ్ళీ వేయడం మరిచిపోయి ఇంటికి వెళ్ళలేరు.

చప్పుడుకు రెండవ ఫోన్ వాడండి. పెనానికి జానెడు దూరంలో, పక్కగా పెట్టండి. పైన పెడితే ఆవిరి, నూనె చిట్లు రెండూ తగులుతాయి. రెండు ఫోన్లూ రికార్డు చేస్తుండగా గరిటెతో పెనం అంచు మీద ఒకసారి టంగుమనిపిస్తే, తరువాత దృశ్యాన్నీ చప్పుడునూ ఆ దెబ్బ దగ్గర కలుపుకోవచ్చు. ఫోన్ చిన్న చప్పుడును తనంతట తాను పెంచి, పెద్దదాన్ని అణచివేస్తుంది కాబట్టి, చుయ్యిమనేదాన్నీ కర్రుమనేదాన్నీ ఒకే రికార్డింగ్‌లో పట్టవద్దు.

పెళ్ళి వీడియోలు తీసేవారు:
చప్పుడు విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను, దృశ్యం గురించి మాత్రం చెప్పనివ్వండి. ఫోన్‌ను అట్టుకు మరీ దగ్గరగా పెడితే అది తనంతట తానే వెడల్పు లెన్సుకు మారి, నీడ పడుతుంది, ఆవిరితో అద్దం మసకబారుతుంది. కాస్త వెనక్కు జరిగి రెండింతల జూమ్ వాడండి. ఆవిరి కనపడాలంటే వెలుగు అట్టు వెనుక నుంచి రావాలి, వెనుక నల్లగా ఉండాలి. ట్యూబ్‌లైట్ కింద తెర మీద చారలు పాకితే, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక షట్టర్‌ను 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. తెర అడుగున రాతలూ కుడివైపు గుర్తులూ కప్పేస్తాయి కాబట్టి అంచును మధ్యలో ఉంచండి. నెయ్యి చుక్కను మాత్రం నెమ్మదిగానే తీస్తాను, ఎవరు కాదన్నా.

బిరియానీ హోటల్ యజమాని:
ఇదంతా అట్టుకు బాగుంది. మా బిరియానీకి చప్పుడే లేదు కదా, మేమేమి చేయాలి? మా కుర్రవాడు అందులో చిప్స్ నమిలిన చప్పుడు కలిపాడు, కస్టమర్లు నవ్వారు.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
డేగిశా మూతకు పెట్టిన పిండి పగిలే చప్పుడు, మూత లేచినప్పుడు బుస్సుమనడం, గరిటె డేగిశా గోడను రాసుకుంటూ దిగడం, ఈ మూడూ మీవి. మెతుకులు రాలేటప్పుడు చప్పుడు లేకపోవడమే అవి విడివిడిగా ఉన్నాయని చెబుతుంది. అక్కడ దగ్గరి దృశ్యానికి వదిలేయండి.

విద్యార్థి:
కరకర చప్పుడును పెంచితే రుచి పెరిగినట్టే అనిపిస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు. 2004లో మాసిమిలియానో జాంపీనీ, చార్లెస్ స్పెన్స్ చిప్స్ మీద చేసిన పరిశోధనకు 2008లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కనుక విరుపు చప్పుడును ఎంత పెంచితే అంత మంచిది.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
ఆ ప్రయోగంలో మనుషులు చిప్స్‌ను తామే కొరుకుతూ, తమ కొరుకుడు చప్పుడును హెడ్‌ఫోన్లలో విన్నారు. మొత్తం చప్పుడునో, అందులోని సన్నని పై శ్రుతులనో పెంచినప్పుడు చిప్స్ మరింత కరకరగా, తాజాగా ఉన్నాయన్నారు. వారు తేల్చినది కరకరదనం, తాజాదనం గురించే కానీ రుచి గురించి కాదు. పైగా మన ప్రేక్షకుడి నోట్లో అట్టు లేదు. పై శ్రుతులను కొద్దిగా పెంచండి, అంతకు మించితే ఫోన్ స్పీకర్‌లో అప్పడంలా వినపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న తీశాము. అన్నీ కుదిరాయి కానీ, చివరి విరుపు మెత్తగా, దాదాపు చప్పుడు లేకుండా వచ్చింది. మా మేస్త్రీ ఉప్మా లేని ఉత్త అట్టును విరిచి ఆ చప్పుడు కలపమంటున్నాడు. అది మోసమవుతుందని మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు.

టిఫిన్ సెంటర్‌లో వంట మేస్త్రీ:
ఉప్మా వేడికి లోపల ఆవిరి పట్టి, అట్టు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. మీరు పళ్ళెం సర్దుకుంటూ ఆలస్యం చేసి ఉంటారు. పెనం మీద నుంచి దించగానే, ఉప్మా తగలని అంచును విరవండి.

పెళ్ళి వీడియోలు తీసేవారు:
అదే వంటగది, అదే పిండి, అదే పెనం. చప్పుడు పక్క అట్టుదైతే మోసమేమిటండి? సినిమాల్లో అడుగుల చప్పుడు కూడా తరువాత కలిపేదే కదా.

శబ్ద విభాగంలో పనిచేసినవారు:
సినిమాలో అడుగుల చప్పుడును ఎవరూ డబ్బిచ్చి తినరు. పెనం చప్పుడు వేరే అట్టుదైనా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చున్నవారికి అది అందదు. విరుపు మాత్రం కస్టమర్ తన వేళ్ళతో చేసి చూసేది. అది పళ్ళెంలో వినపడనిదైతే రీల్‌లో ఉండకూడదని నా అభిప్రాయం. ఇందులో నాతో పనిచేసినవారే నాతో ఏకీభవించరు.

ప్రశ్న అడిగినవారు:
రేపు మధ్యాహ్నం మళ్ళీ తీస్తాము. ఈసారి పళ్ళెం ముందే కడిగి, తుడిచి, పెనం పక్కనే పెడతాను. అట్టు దించేవాడికీ విరిచేవాడికీ మధ్య ఎవరూ నిలబడకుండా చూసుకుంటాను. నాన్నగారు తానే విరుస్తానంటున్నారు.